అయిదో రోజు నుంచి

నెల నెలా వచ్చేది ఆడవాళ్ల రహస్యమని అనేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. 1980ల చివర్లో తిరుపతిలో, గోవిందరాజస్వామి గుడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది మా ఇల్లు. వెనక వసారాలో నా చాప పడితే చాలు, ఊరంతటికీ కబురు అందినట్టే. పాలు పోసే మనిషికి తెలిసేది. పూలబుట్టతో వచ్చే ఆమె నా వంతు మూర పువ్వులు కోయకుండానే వెళ్లిపోయేది. కొండకని వచ్చి మా ఇంట్లో దిగిన దూరపు చుట్టాలు సైతం కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వస్తూ, "అమ్మాయి బయట చేరిందా?" అని అడిగి, రెండడుగులు పక్కకు జరిగి నడిచేవారు. మా తమ్ముడు ఆడుకుంటూ దగ్గరికి రాబోతే, "అక్కను కాకి ముట్టింది, తాకకు" అని అవ్వ కేక వేసేది. వాడు కాకి కోసం చెట్లన్నీ వెతికేవాడు.

అన్నీ అందరికీ తెలుసు. ఎంత రక్తం పోతోందన్నది మాత్రం ఎవరికీ తెలియదు. అది ఎవరూ అడగలేదు.

మా ఇంటి పద్ధతి మరీ కఠినమేమీ కాదు, ఆ వీధిలో అందరిదీ అదే. వసారాలో చాప, ఒక దుప్పటి, విడిగా కంచం, చెంబు, గ్లాసు. వంటింటి గడప, దేవుడి గది, తులసికోట, ఊరగాయ జాడీలున్న అటక దగ్గరికి వెళ్లకూడదు. అన్నం పైనుంచి కంచంలోకి పడేది. నీళ్లూ అంతే. నిజం చెప్పాలంటే నాకు ఆ మూడు రోజుల మీద పెద్ద కోపం ఉండేది కాదు. ఇంటి పని ఉండదు, పుస్తకం చదువుకోవచ్చు, పూటపూటకీ కాఫీ వచ్చేది. అవ్వకు నా మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. అంత దూరం నుంచే అయినా, "ఇంకాస్త నెయ్యి వేయనా?" అని అడిగేది.

నా కష్టమంతా నాలుగో రోజుతో మొదలయ్యేది.

నాలుగో రోజు తెల్లవారుజామున తలస్నానం. పసుపు రాసుకుని, చాపా దుప్పటీ తడిపి ఆరేసి, కంచం తోమి ఎండలో బోర్లించి లోపలికి రావాలి. అయిదో రోజు మళ్లీ తలకు పోసుకుంటే దేవుడి గదిలో దీపం పెట్టవచ్చు. అవ్వ దృష్టిలో ముట్టు అంటే అంతే, దానికో మొదలు, దానికో చివర. శరీరం కూడా ఆ లెక్క ప్రకారమే నడుచుకుంటుందని ఇంట్లో అందరూ నమ్మేవారు. నా శరీరం నడుచుకోలేదు. పెద్దమనిషినైన కొద్ది నెలల నుంచే నాకు ఎనిమిది, తొమ్మిది రోజులు రక్తం ఆగేది కాదు. ఒక్కో నెల మధ్యలో ఆగినట్టే ఆగి మళ్లీ మొదలయ్యేది.

మొదటిసారి అయిదో రోజున అమ్మతో, "ఇంకా అవుతోంది" అన్నాను. అమ్మ వంటింట్లోకి ఓ చూపు చూసి, గొంతు తగ్గించి, "కొద్దిగా అవుతుందిలే, అవ్వకు చెప్పకు. పండగ పూట" అంది. అప్పుడు ఏ పండగో నాకు గుర్తు లేదు. మా ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది: బ్రహ్మోత్సవాలు, కార్తీకంలో తిరుచానూరు పంచమీతీర్థం, వేసవిలో గంగమ్మ జాతర. అమ్మ చెప్పింది నేను నా పద్ధతిలో అర్థం చేసుకున్నాను. అయిదో రోజు తర్వాత వచ్చే రక్తం ఉండకూడనిది. ఉంటే తప్పు నాది.

ఇక గుడ్డల సంగతి. నాన్న పాత పంచెలు చింపి మడతలు పెట్టుకునేవాళ్లం. వాటి మూట వసారా దూలం మీద ఉండేది. నాలుగో రోజు వాటన్నిటినీ ఉతికి, ఎవరి కంటా పడకుండా గోనెసంచి కింద ఆరేసి, మూట కట్టి పైన పెట్టేయాలి. ఆ తర్వాత ఆ మూట దించితే అవ్వ కంట్లో పడుతుంది. అందుకని నా పాత పరికిణీలు చింపుకుని పుస్తకాల సంచిలో అడుగున దాచుకునేదాన్ని. వాడినవి కాగితంలో చుట్టి, బడికి వెళ్లే దారిలో చెత్తకుప్పలో పడేసేదాన్ని. ఉతికినవాటిని పెట్టె వెనక ఆరబెడితే మా ఊళ్లో వానలు పడే అక్టోబరు, నవంబరు నెలల్లో రెండు రోజులైనా ఆరేవి కావు. ఆ చెమ్మ గుడ్డనే మళ్లీ వాడేదాన్ని. తొడలు ఒరుసుకుపోయి, దురద పుట్టి, నడవడమే కష్టమయ్యేది. సబ్బుతో ఉతికి ఎర్రటి ఎండలో పూర్తిగా ఆరనిస్తే ఆ పంచె గుడ్డ మంచిదే. ఎండ తగలకుండా దాచమన్న ఆచారమే దాన్ని పాడు చేసింది.

అంతకన్నా నన్ను తిన్నది దీపం. అయిదో రోజు నేను దీపం పెట్టాలి, లేకపోతే ఎందుకు పెట్టలేదని అడుగుతారు. లోపల గుడ్డ తడుస్తుంటే, వేంకటేశ్వరుడి పటం ముందు వత్తి వెలిగించేదాన్ని. చెయ్యి వణికేది. ఒకసారి ఆ సాయంత్రమే తమ్ముడికి జ్వరం వచ్చింది. అవ్వ దిష్టి తీసింది. అమ్మ తడిగుడ్డ వేసింది. నేను మూలన కూర్చుని, నా వల్లే అని లోలోపల ఏడ్చాను. వాడికి వచ్చింది తట్టు అని మూడు నాలుగు రోజుల తర్వాత ఒళ్లంతా పేలితే తెలిసింది. అప్పటికి వీధిలో మరో ముగ్గురు పిల్లలకు కూడా వచ్చింది. అయినా నా మనసు నన్ను వదల్లేదు. పధ్నాలుగేళ్ల పిల్ల తనే ఒక ఇంటికి కీడని నమ్మడానికి ఎవరూ ఒక్క మాట కూడా అనక్కర్లేదని నాకు ఆ రోజుల్లోనే తెలుసు.

ఈలోగా నా ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పే గుర్తులు ఇల్లంతా కనిపిస్తూనే ఉండేవి. చాటలో బియ్యం కనిపిస్తే గుప్పెడు నోట్లో వేసుకునేదాన్ని. "పచ్చి బియ్యం తింటే పెళ్లి నాడు వాన పడుతుంది" అని అవ్వ తిట్టేది. తమ్ముడి పలక మీది బలపాలు మాయమయ్యేవి. తొలకరి వాసనకు నోరూరేది. బళ్లో మేడమెట్లు ఎక్కితే గుండె చెవుల్లో కొట్టుకునేది. అద్దంలో కింది రెప్ప లాగి చూసుకుంటే లోపల తెల్లగా ఉండేది. "పిల్ల భలే తెలుపెక్కింది" అని చుట్టాలు మెచ్చుకున్నారు కూడా. తిండి కాని వాటి మీదా, పచ్చి బియ్యం మీదా అలా జిహ్వ పోవడం ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు తరచుగా కనిపించే లక్షణమని తర్వాత తెలిసింది. మా ఇంట్లో దాన్ని చెడ్డ అలవాటనేవారు.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ మాసం పెరటాసిలో శనివారాలు మా వైపు పెద్ద విశేషం. ఆ రోజుల్లో ఇంట్లో తళిగ వేసి స్వామికి నైవేద్యం పెట్టి, వీలైతే కాలినడకన కొండకు వెళ్లాలని అవ్వ మొక్కు. ఆ ఏడు శనివారం నాకు ఏడో రోజు. ఇంటి లెక్కలో నేను ఎప్పుడో శుద్ధి. అలిపిరి దగ్గర మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెడుతుంటే నా గుడ్డ అప్పటికే తడిసిపోయింది. అలిపిరి దారిలో మెట్లు 3,550. వాటిలో గాలిగోపురం దాకా ఉన్నవి నిటారుగా ఉంటాయి, అరవై ఏళ్ల అవ్వ గోవిందనామాలు చెబుతూ వాటిని ఎక్కేస్తోంది. నాకు నాలుగు మెట్లకొకసారి కూర్చోవాలనిపించింది. గాలి లోపలికి పోవడం లేదు. కాళ్లు నావి కావు. మైలతో ఎక్కుతున్నాను కాబట్టి కొండ నన్ను ఎక్కనివ్వడం లేదనుకున్నాను. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. ప్రతి మెట్టు మీదా క్షమించమని అడుగుతూ ఎక్కాను. గాలిగోపురం కనిపించే చోట కళ్లు చీకట్లు కమ్మి పడిపోయాను.

లేచేసరికి తల పిన్ని ఒళ్లో ఉంది. అమ్మ చెల్లెలు, చిత్తూరులో ఒక ల్యాబులో పనిచేసేది. మా వీధివాళ్లకు ఆవిడంటే కొంచెం చులకన, ఊళ్లోవాళ్ల రక్తం, మూత్రం ముట్టుకునే ఉద్యోగమని. పిన్ని నా గోళ్లు చూసింది, రెప్ప లాగి చూసింది. పరికిణీ వెనక మరక చూసింది. తన పైట చుట్టి నన్ను కిందికి దించుకొచ్చింది. దారిలో అడిగింది ఒకటే ప్రశ్న: "ఎన్నో రోజు?"

ఏడో రోజని చెప్పడానికి నాకు మెట్లన్నీ దిగేంత సేపు పట్టింది.

సోమవారం చిత్తూరు బస్సెక్కించింది. తన బల్ల దగ్గరే కూర్చోబెట్టుకుని పరీక్ష చేసింది. అప్పట్లో హిమోగ్లోబిన్ చూడటానికి సాలి పద్ధతి ఉండేది. సన్నటి గాజుగొట్టంలో గీత దాకా పలచటి ఆమ్లం పోసి, వేలు పొడిచి, పీల్చిన చిన్న రక్తపు బొట్టును అందులో ఊదుతారు. ఎర్రనిది కాసేపటికి గోధుమరంగుకు మారుతుంది. పక్కనే రెండు గోధుమరంగు గాజుముక్కలు ఉంటాయి. గొట్టంలో చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ, ఆ రంగూ ఈ రంగూ ఒకటయ్యే దగ్గర ఆగి, గొట్టం మీద అంకె చదవాలి. నా రక్తానికి నీళ్లు ఎక్కువ పట్టలేదు. కొద్ది చుక్కలకే రంగు కుదిరిపోయింది. పిన్ని మాట్లాడకుండా మళ్లీ ఇంకో వేలు పొడిచింది. రెండోసారీ అంతే. 12 ఉండాల్సిన చోట ఏడుకు కాస్త తక్కువ.

పిన్ని తీసుకెళ్లి చూపించిన లేడీ డాక్టరు అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ వరుసగా గుర్తున్నాయి, ఎందుకంటే అలాంటి ప్రశ్నలు ఉంటాయనే నాకు అప్పటిదాకా తెలియదు. మొత్తం ఎన్ని రోజులు? గంటకో, రెండు గంటలకో గుడ్డ మార్చాల్సి వస్తోందా? రాత్రి దానికోసమే నిద్ర లేస్తున్నావా? పక్క తడుస్తోందా? గడ్డలు పడుతున్నాయా, రూపాయి బిళ్లకన్నా పెద్దవా? ముక్కులోంచి, చిగుళ్లలోంచి ఊరికే రక్తం వస్తుందా? అమ్మకూ, అవ్వకూ ఇలాగే ఉండేదా?

చివరి ప్రశ్నకు అమ్మ నోరు తెరవలేదు. చిగుళ్ల ప్రశ్న ఎందుకు అడిగారో పిన్ని తర్వాత చెప్పింది. మొదటి ముట్టు నుంచే విపరీతంగా పోయే పిల్లల్లో కొందరికి రక్తం గడ్డకట్టే గుణంలోనే లోపం ఉంటుందట, అది వంశంలో వస్తుందట. నాకు ఆ లక్షణాలు లేవు. నాది ఆ వయసులో ఎక్కువగా కనిపించేదే. పెద్దమనిషైన మొదటి రెండు మూడేళ్లు చాలామందిలో అండం ప్రతి నెలా విడుదల కాదు. అది విడుదలైతేనే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను తయారై గర్భసంచి లోపలి పొరను నిలకడగా ఉంచుతుంది, ఆ హార్మోను తగ్గగానే పొర ఒక్కసారిగా రాలుతుంది. హార్మోనే లేకపోతే పొర మందంగా పెరుగుతూ పోయి, అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా ఊడుతూ రోజుల తరబడి రక్తం పోతుంది. ఏడు రోజులు దాటితే చూపించుకోవాలని డాక్టరు అన్నారు. నాలుగు రోజులకే ముగిసిందని ఇల్లు లెక్క కట్టేస్తే ఏడు దాటిన సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఇచ్చిన మందులు రెండు. ఒకటి ఇనుము మాత్ర. పరగడుపున నిమ్మరసంతో వేసుకోమన్నారు. విరేచనం నల్లగా అవుతుంది, భయపడవద్దన్నారు. కాఫీ, టీ, పాలు దానికి రెండు గంటలు అటూ ఇటూ ఉండాలన్నారు, ఇనుమును ఒంటికి పట్టనివ్వవట. వసారాలో నాకు ప్రేమగా అన్నం వెంటే అందిన కాఫీలన్నీ గుర్తొచ్చాయి. అంకె 12కు చేరినా మరో మూడు నెలలు ఆపకూడదని కూడా చెప్పారు, ముందు రక్తం నిండినా ఒంట్లో నిల్వ నిండటానికి అంత కాలం పడుతుందని.

రెండో మందు నోరెథిస్టెరాన్. ఆ పేరు విని అమ్మ ఉలిక్కిపడింది. అది మా ఇంట్లో అందరికీ తెలిసిన మాత్రే, కాకపోతే "పండగ మాత్ర"గా. కొండకు వచ్చే చుట్టాలు, పెళ్లి పీటల మీద కూర్చోవాల్సిన ఆడవాళ్లు తేదీకి మూడు రోజుల ముందు నుంచి రోజుకు మూడు చొప్పున మింగి ముట్టును వాయిదా వేసుకునేవాళ్లు. ఆపిన రెండు మూడు రోజులకు వస్తుంది. మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చేసేవాళ్లు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకూ, కాలేయం జబ్బున్నవాళ్లకూ అది కూడదని ఎవరూ చెప్పేవారు కాదు. దేవుడి కోసం అందరూ వాడిన మాత్రను నా రోగానికి వాడాల్సి వచ్చేసరికి మాత్రం "పెళ్లి కాని పిల్లకు హార్మోన్లా?" అని అవ్వ నెత్తి కొట్టుకుంది.

అవ్వకు అసలు సంగతి చెప్పింది పిన్నే. తొమ్మిది రోజులు అవుతుందని, అందుకే పడిపోయిందని. అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "అయితే ఆగే దాకా బయటే ఉండాలి."

ఈ మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. నిజం చెప్పినందుకు నాకు దక్కింది మరో అయిదు రోజుల చాప. ఆడపిల్లలు ఎందుకు దాస్తారో తెలియాలంటే వేరే పరిశోధన అక్కర్లేదు. అమ్మ జీవితంలో మొదటిసారి అవ్వకు ఎదురుచెప్పింది. "చలిలో ఇది వసారాలో పడుకోదు" అని నా చాప తెచ్చి తన మంచం పక్కన వేసింది. వంటింటి గడప మాత్రం అలాగే ఉండిపోయింది. ఆచారం ఒక్కసారిగా కూలిపోయిందని రాస్తే బాగుంటుంది కానీ అలా జరగలేదు. నా నిమ్మరసం విడి గ్లాసులోనే వచ్చింది. దేవుడి గదిలోకి నేను వెళ్లలేదు. గుడ్డలు మాత్రం పెరట్లో తీగ మీద, ఎండలో ఆరాయి. అవ్వ అటు తిరగకుండా నడిచేది.

నెల తిరిగేసరికి అంకె తొమ్మిదికి దగ్గరపడింది. మూడో నెలకు రక్తం ఆరు రోజుల్లో ఆగింది. బలపాల మీద ఆశ దానంతటది పోయింది. ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు. తమ్ముడే ఒక రోజు, "అక్కా, నీ వాటా బలపం" అని తెచ్చిస్తే వద్దన్నాను.

ఒకసారి పిన్ని ఊరికే, సరదాకన్నట్టు, అమ్మ వేలు కూడా పొడిచింది. ఎనిమిది చిల్లర. అమ్మ అప్పుడు చెప్పింది, తనకూ ఎప్పుడూ ఎనిమిది రోజులేనని. పక్క గదిలోంచి అవ్వ, "నాకు పది. అందరికీ అంతేననుకున్నాను" అంది. ఒకే ఇంట్లో మూడు తరాలు, అయిదో రోజు దీపం పెట్టి, ఒకరికి తెలియకుండా ఒకరు గుడ్డలు దాచుకున్నారు. డాక్టరు అడిగిన చివరి ప్రశ్నకు జవాబు అలా దొరికింది. పిన్ని మళ్లీ వెళ్లి ఆ సంగతి డాక్టరుకు చెప్పింది. అమ్మకు కూడా మాత్రలు మొదలయ్యాయి.

రక్తం నిండింది కానీ సిగ్గు పోలేదు. పెళ్లయ్యాక అత్తగారింట్లో ఎవరూ నన్ను బయట కూర్చోమనలేదు. అయినా ఆ రోజుల్లో ఊరగాయ జాడీ ముట్టుకునేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే తేదీ లెక్కపెట్టుకునేదాన్ని. షాపులో ప్యాడ్లు అడిగేటప్పుడు ఎవరూ లేని సమయం చూసుకునేదాన్ని, నల్ల కవరులో వేయమని అడగకముందే అతనే వేసేవాడు. చదువుకున్నదాన్ని, కారణాలన్నీ తెలిసినదాన్ని. తెలియడం ఒక చోట ఉంటుంది, చెయ్యి ఆగడం ఇంకో చోట ఉంటుంది.

ఇప్పుడు ప్రభుత్వ బడుల్లో వారానికొకసారి ఆడపిల్లలకు నీలం రంగు ఇనుము మాత్ర ఇస్తున్నారు. 2021లో మన రాష్ట్రంలో "స్వేచ్ఛ" పేరుతో బడిలో ప్యాడ్లు పంచడం మొదలుపెట్టారు. రెండూ మంచివే. కానీ వారానికో మాత్ర, నాలాగా నెలకు తొమ్మిది రోజులు రక్తం పోయే పిల్లకు చాలదు. అలాంటి పిల్ల ఎవరో తెలియాలంటే ఎవరో ఒకరు అడగాలి. మా ఇంటి పిల్లల్ని నేను అడుగుతాను. "వచ్చిందా?" అని కాదు, "ఎన్నో రోజు? రాత్రి లేస్తున్నావా?" అని. మొదట్లో మొహాలు పక్కకు తిప్పుకున్నారు. తర్వాత అలవాటు పడ్డారు.

మొన్న సంక్రాంతికి తిరుపతిలోనే అందరం భోజనాలకు కూర్చున్నాం. తమ్ముడి కూతురు ఇంటర్ చదువుతోంది. వడ్డిస్తూ అదే ప్రశ్న మెల్లగా అడిగాను. అది మెల్లగా చెప్పలేదు. "ఎనిమిదో రోజు అత్తా. ఫోనులో రాసుకుంటున్నాను, మూడు నెలల నుంచీ ఇంతే" అంది, పప్పు కలుపుకుంటూ. మా తమ్ముడు కంచం పట్టుకుని లేవబోయాడు. కూర్చోమన్నాను. పండగ వెళ్లగానే ల్యాబుకు తీసుకెళ్లాను. ఇప్పుడు యంత్రమే అంకె చెబుతుంది: 9.4. ఈసారి డాక్టరు అడిగిన చివరి ప్రశ్నకు మా దగ్గర జవాబుంది: అత్తకు, నాయనమ్మకు, ఆవిడ అత్తగారికి కూడా. రక్తం గడ్డకట్టే పరీక్షలు కూడా రాసిచ్చారు. బయటికొచ్చి మందుల చీటీ తమ్ముడి చేతిలో పెట్టి, వచ్చేటప్పుడు ఒక డజను నిమ్మకాయలు కూడా తెమ్మన్నాను.